‘ఫ్లెక్సిబుల్ అవర్స్’: వీలు ఎవరిది?

పల్లకి: ఒక ఉద్యోగ ప్రకటన చూశాను. మన భాషాప్రియులు దీన్ని ఎలా చదువుతారో తెలుసుకోవాలని పెడుతున్నాను. “ఫాస్ట్ పేస్‌డ్ వాతావరణంలో పనిచేయగల రాక్‌స్టార్ కావాలి. కస్టమర్ సపోర్ట్, సోషల్ మీడియా, బిల్లింగ్ చూసుకోవాలి, అవసరమైతే సేల్స్‌కి సాయపడాలి. ఫ్లెక్సిబుల్ అవర్స్. జీతం అనుభవాన్ని బట్టి. నేరుగా యజమానికి రిపోర్ట్ చేయాలి.” చివరికి ఇది ఎలాంటి ఆఫీసు?

నల్లసిరా: రాక్‌స్టార్ అన్నారంటే జీతం బాగానే ఇస్తారండీ. మామూలు మనిషి కాదు, దిట్ట కావాలంటున్నారు కదా. వేగం గురించి కూడా ముందే చెప్పేశారు, అది నిజాయితీయే.

పాతఫైలు: నల్లసిరా గారూ, దిట్ట కావాలన్నది నిజమే. కానీ దిట్టకి తగిన జీతం ఇచ్చేవాళ్ళు ఆ అంకె వేయడానికి అంతగా మొహమాటపడరు. ఉద్యోగ నియామకాల పనిలో చాలా కాలం ఉన్నాను కాబట్టి చెబుతున్నా, ఇలాంటి ప్రకటనలో విశేషణాలు పక్కన పెట్టి పనులు లెక్కపెట్టాలి. ఇక్కడ సపోర్ట్, సోషల్ మీడియా, బిల్లింగ్, సేల్స్, మొత్తం నాలుగు. పెద్ద ఆఫీసులో ఇవి నాలుగు టేబుళ్ళ మీద ఉంటాయి. ఒక్కరికి అప్పగించి, మధ్యలో మేనేజరంటూ లేకుండా నేరుగా యజమానికి రిపోర్ట్ చేయమన్నారంటే అక్కడ బహుశా ఇంకో మనిషి లేడు. రాక్‌స్టార్ అన్నది ఆ ఖాళీకి కప్పిన దుప్పటి. ఫాస్ట్ పేస్‌డ్ అన్నదీ అంతే: పని వేగంగా వస్తోందా, చేసేవాళ్ళు చాలక వేగంగా కనిపిస్తోందా అన్నది ఆ మాట చెప్పదు.

వానచినుకు: మా చెల్లి కూడా ఇలాంటి దానికే అప్లై చేద్దామనుకుంటోంది. ఫ్లెక్సిబుల్ అవర్స్ అంటే పార్ట్ టైమే కదా? తను ఇంకా చదువుకుంటోంది, మధ్యాహ్నాలు మాత్రమే ఖాళీ.

పాతఫైలు: కాదమ్మా, ఆ రెండూ వేరు. పార్ట్ టైమ్ అయితే వారానికి ఎన్ని గంటలో రాస్తారు. ఫ్లెక్సిబుల్ అన్నప్పుడు వేళలు ఎవరి ఇష్టం అన్నదే అసలు ప్రశ్న. నిజంగా ఉద్యోగికి వీలు ఇచ్చే చోట “11 నుంచి 4 వరకు అందరూ ఉండాలి, మిగతా గంటలు మీ ఇష్టం” లాంటి వాక్యం ఒకటి కనిపిస్తుంది. యజమానికి వీలు కావాలన్న చోట “సాయంత్రాలు, వారాంతాలు అందుబాటులో ఉండాలి”, “అవసరాన్ని బట్టి” అని ఉంటుంది. గంటల లెక్కన జీతమిచ్చే పనుల్లో ఇంకో తిరకాసు ఉంది. ఒక వారం ముప్ఫై గంటలు, మరో వారం పది ఇచ్చినా దాన్నీ ఫ్లెక్సిబుల్ అనే అంటారు. కనీస గంటలు రాసివ్వకపోతే నష్టం మీ చెల్లిదే.

తూనికరాయి: కొంచెం అన్యాయం చేస్తున్నారేమో. చాలా ప్రకటనలు పాత నమూనా నుంచి దించేవే. రాసిన మనిషి ఆ టీమ్‌ని చూసి కూడా ఉండడు. నేను న్యూస్ డెస్క్‌లో చేశాను, అక్కడ ఫాస్ట్ పేస్‌డ్ అంటే అక్షరాలా నిజం, నాకు అదే ఇష్టం కూడా. ఒక్క మాట పట్టుకుని ఆఫీసుని తప్పుపట్టలేం.

పాతఫైలు: ఒప్పుకుంటాను. అందుకే మాటని కాదు, దాని పక్కన ఏముందో చూడమన్నాను. మీ డెస్క్‌కి ఎడిషన్ టైమ్ ఉంటుంది, ఆ వేగానికి కారణం బయటికి కనిపిస్తుంది. పల్లకి గారి ప్రకటనలో ఆ కారణం లేదు. నమూనా నుంచి దించినా, నాలుగు పనులు మాత్రం ఎవరో కూర్చుని చేర్చినవే.

గవ్వలు: మాటలకి ఇంకో ప్రభావం ఉంది. 2011లో గాషర్, ఫ్రీసెన్, కే అనే పరిశోధకులు ప్రకటనల భాష మీద రాశారు. పోటీ, ఆధిపత్యం ధ్వనించే మాటలు ఎక్కువైతే ఆ ఉద్యోగాలు ఆడవాళ్ళకి అంతగా నచ్చలేదట. పని చేయలేమన్న అనుమానం కాదు, అక్కడ ఇమడలేమన్న భావన. రాక్‌స్టార్ కూడా ఆ కోవలోదేనని నాకనిపిస్తుంది.

నల్లసిరా: మరి ఇంటర్వ్యూలో ఏం అడగాలి? వేళల గురించి అడిగితే సోమరి అనుకోరా?

పాతఫైలు: వేళల గురించి కాదు, జరిగినదాని గురించి అడగండి. “ఈ పోస్టు కొత్తదా, ఎవరైనా వెళ్ళిపోతే ఖాళీ అయిందా? గత నెలలో రాత్రి వచ్చిన కస్టమర్ ఫోన్లు ఎవరు తీశారు?” అని. “మాది ఫ్లెక్సిబుల్ కల్చర్” అంటే అది జవాబు కాదు. ఆ పని చేసిన మనిషి ఫలానా అని చెప్పగలిగితే అది జవాబు. అదే ప్రకటన కొన్ని నెలలుగా మళ్ళీ మళ్ళీ వస్తోందేమో కూడా చూడండి. మనుషులు నిలవడం లేదేమో, లేదా సంస్థ పెరుగుతోందేమో. మొదటి ప్రశ్నకి వచ్చే జవాబుతో ఏదో తేలిపోతుంది.

పల్లకి: మెయిల్‌లో అడిగేశాను. “పోస్టు కొత్తదే. వేళలు పనిని బట్టి ఉంటాయి, మేమంతా ఒక కుటుంబంలా ఉంటాం” అని రాశారు.

తూనికరాయి: పోస్టు కొత్తదన్నది మంచిదే కదా!

పాతఫైలు: కొత్తదైతే ఇన్నాళ్ళూ బిల్లింగ్ ఎవరు చేశారు?

పల్లకి: ఆ ప్రశ్న సోమవారం ఇంటర్వ్యూలో అడుగుతాను. వెళ్ళడం మాత్రం వెళ్తున్నాను, ఇప్పుడున్న చోట ఫ్లెక్సిబుల్ అన్న మాట కూడా లేదు.