రీస్టోర్ కదలట్లేదు: ఓపిక పట్టాలా, యాప్ తీసేసి మళ్లీ వేయాలా?

మధు_కరీంనగర్
నాన్నకు కొత్త ఫోన్ తీసుకున్నాం. పాతదీ కొత్తదీ రెండూ ఆండ్రాయిడే. అదే సిమ్, అదే జీమెయిల్. నిన్న రాత్రి మొదలైన వాట్సాప్ రీస్టోర్ 35% దగ్గర ఆగి పొద్దున్నుంచి కదలట్లేదు. యాప్ తీసేసి మళ్లీ వేయమని ఒకరు, అస్సలు ముట్టుకోవద్దని ఇంకొకరు. ఏం చేయమంటారు?

పిడుగు99
తీసేసి మళ్లీ వేసెయ్ బ్రో, ఇందులో ఆలోచించేదేముంది? బ్యాకప్ డ్రైవ్‌లో ఉంటుంది, ఎక్కడికీ పోదు. దానికంటే ముందు గూగుల్ అకౌంట్లో 15 జీబీ నిండిందేమో చూడు. ఇప్పుడు వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ కోటాలోకే వస్తోంది. నిండితే రీస్టోర్ ఇలాగే ఆగుతుంది. సిమ్ కూడా ఒకసారి తీసి పెట్టు.

సుజాత_ఎల్
మధు గారూ, సిమ్ జోలికి, జీమెయిల్ జోలికి ఇప్పుడు వెళ్లకండి. నంబర్ తేడా ఉన్నా, గూగుల్ అకౌంట్ తేడా ఉన్నా మీకు శాతం అనేదే కనబడదు. నంబర్ వెరిఫై కాగానే వాట్సాప్ ఆ నంబర్ పేరు మీద ఆ అకౌంట్లో బ్యాకప్ ఉందేమో వెతుకుతుంది. లేకపోతే బ్యాకప్ దొరకలేదని అక్కడే చెప్పేస్తుంది, `Restore` బటన్ దాకా రానివ్వదు. మీది 35% దాకా వచ్చిందంటే ఆ రెండూ సరిపోయినట్టే.

పిడుగు గారు కోటా గురించి చెప్పింది సగం నిజం. గూగుల్ అకౌంట్ నిండితే కొత్త బ్యాకప్ పైకి ఎక్కదు. పైనున్నది కిందికి దిగడానికి మాత్రం ఆ కోటా అడ్డం కాదు. కాకపోతే అకౌంట్ ఎప్పుడో నిండిపోయి ఉంటే డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్ నెలల కిందటిది అయ్యుండొచ్చు. `Restore` నొక్కే ముందు ఆ తెరమీదే బ్యాకప్ తేదీ, సైజు కనిపిస్తాయి. అవి చూశారా?

ఇంకో రెండు సంగతులు చెప్పండి. ఒకటి, చాట్ల లిస్టు కనిపిస్తోందా, లేక ఇంకా రీస్టోర్ తెరమీదే ఉందా? రెండు, కొత్త ఫోన్లో ఖాళీ ఎంతుంది? డ్రైవ్‌లో కాదు, ఫోన్లో. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి ఖాళీ అంకె రాసి పెట్టుకోండి, పది నిమిషాలాగి మళ్లీ చూడండి. వేరే డౌన్‌లోడ్ ఏదీ నడవకుండా ఖాళీ తగ్గుతుంటే రీస్టోర్ నడుస్తోందన్నమాట. తగ్గకపోతే నిజంగానే ఆగింది.

వాసు_డల్లాస్
నాదీ ఇదే సమస్య అండీ. పాత ఫోన్లో +91 నంబర్ మీద వాట్సాప్ ఉండేది. ఇక్కడ కొత్త ఫోన్ తీసుకుని +1 నంబర్‌తో పెడితే బ్యాకప్ లేదంటోంది. జీమెయిల్ ఒక్కటే కదా, ఎందుకు చూపించట్లేదు?

మధు_కరీంనగర్
సుజాత గారూ, చాట్లన్నీ వచ్చాయి. ఫొటోలు మాత్రం మసకగా ఉన్నాయి, పైన డౌన్‌లోడ్ బాణం గుర్తు. `Chat backup`లో 11 జీబీలో 3.9 వచ్చినట్టు చూపిస్తోంది. బ్యాకప్ తేదీ మొన్నటిదే. ఫోన్ 64 జీబీది. కొత్తది కదా, ఖాళీగానే ఉంటుందనుకున్నా, చూస్తే 380 ఎంబీ ఉంది! షాపులో పాత ఫోన్లోని ఫొటోలు, వీడియోలు అన్నీ ఎక్కించి ఇచ్చారు. పది నిమిషాల తర్వాత చూసినా అదే అంకె.

సుజాత_ఎల్
అదండీ సంగతి. వాట్సాప్ రీస్టోర్ రెండు విడతలు. ముందు మెసేజ్‌లు దిగుతాయి, అది చిన్న ఫైలు. అది అయిపోగానే యాప్ తెరుచుకుంటుంది. ఫొటోలు, వీడియోలు తర్వాత వెనకాల మెల్లగా దిగుతాయి. మీకు మొదటి విడత పూర్తయింది. రెండోది చోటు లేక ఆగింది. ఇంకా 7.1 జీబీ రావాలి, ఉన్నది 380 ఎంబీ. వారం రోజులు ఓపిక పట్టినా కదలదు, యాప్ తీసేసి మళ్లీ వేసినా ఇదే 3.9 దగ్గరికొచ్చి ఆగుతుంది. పైగా నిన్నటి నుంచి కొత్త ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లు ఆ బ్యాకప్‌లో ఉండవు కాబట్టి అవీ పోతాయి.

కనీసం 9 జీబీ ఖాళీ చేయండి. ఫోన్ తన పని తాను చేసుకోవడానికి ఒకటి రెండు జీబీ మిగలాలి. షాపులో ఎక్కించిన కెమెరా వీడియోలు పాత ఫోన్లో ఇంకా ఉన్నాయని ముందు అక్కడ తెరిచి చూసుకుని, తర్వాత కొత్తదాంట్లో తీసేయండి. తీశాక గ్యాలరీలో ట్రాష్ కూడా ఖాళీ చేయాలి. చాలామంది అక్కడే మర్చిపోతారు. తీసేసిన వీడియోలు ట్రాష్‌లో రోజుల తరబడి అలాగే ఉంటాయి, చోటు ఒక్క ఎంబీ కూడా తిరిగి రాదు. ఈ ఫోల్డర్‌లో మాత్రం ఏదీ తీయొద్దు, ఇప్పుడు దిగుతున్నవి అక్కడికే వస్తున్నాయి:

```
Android/media/com.whatsapp/WhatsApp/Media
```

ఖాళీ చేశాక ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి, బ్యాటరీ సేవర్ ఆపి, వైఫైలో ఉంచి వాట్సాప్ తెరవండి. `Chat backup`లో అంకె కదలాలి. కదలకపోతే ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయండి.

వాసు గారూ, మీది వేరే సమస్య, మీకు ఆగలేదు, అసలు మొదలే కాలేదు. బ్యాకప్‌కి జీమెయిల్ ఒక్కటే చాలదు, ఏ నంబర్ మీద తీశారో అదే నంబర్ కావాలి. ఇండియా సిమ్‌కి ఎస్ఎంఎస్ వస్తోందా? వస్తే కొత్త ఫోన్లో +91తోనే వెరిఫై చేసి, రీస్టోర్ మొత్తం అయ్యాక `Settings > Account > Change number`తో +1కి మారండి.

వాసు_డల్లాస్
ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయిందండీ. పాత ఫోన్లో వాట్సాప్ మాత్రం ఇంకా పనిచేస్తోంది.

సుజాత_ఎల్
అయితే పాత ఫోన్లో దాన్ని లాగౌట్ చేయకండి. మీకున్న దారి అదొక్కటే. ఆ ఫోన్లోనే `Change number` తెరిచి పాతది +91, కొత్తది +1 ఇవ్వండి. కోడ్ +1 నంబర్‌కే వస్తుంది. మారాక అక్కడే కొత్తగా బ్యాకప్ తీయండి, ఎందుకంటే ఇంతకుముందుది పాత నంబర్ కింద ఉంది. తర్వాత కొత్త ఫోన్లో +1తో వెరిఫై చేస్తే కనిపిస్తుంది. కొత్త ఫోన్లో ఇప్పటికే +1తో ఖాళీ వాట్సాప్ నడుస్తుంటే ముందు అందులో ఆటో బ్యాకప్ ఆపేయండి. ఒక నంబర్‌కి ఒక గూగుల్ అకౌంట్లో ఒక్క బ్యాకపే ఉంటుంది, ఖాళీది వెళ్లి మంచిదాని మీద కూర్చుంటుంది.

కిరణ్_తెనాలి
మధు అన్నా, 11 జీబీ మొత్తం దింపడం ఎందుకు? అందులో సగం గుడ్ మార్నింగ్ వీడియోలే అయ్యుంటాయి. పాత ఫోన్ చేతిలో ఉందిగా. అందులో మళ్లీ లాగిన్ అయ్యి, బ్యాకప్‌లో `Include videos` తీసేసి కొత్తగా బ్యాకప్ తీస్తే సైజు బాగా తగ్గుతుంది. కావాల్సిన వీడియోలు కేబుల్‌తో అదే `Media` ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవచ్చు, ఫైళ్ల పేర్లు మార్చకుండా ఉంటే చాలు.

ఇంకా సులువు కావాలంటే డ్రైవే వద్దు. పాత ఫోన్లో `Settings > Chats > Transfer chats` నొక్కి, కొత్త ఫోన్లో వచ్చే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే రెండు ఫోన్ల మధ్యే నేరుగా వెళ్లిపోతుంది. రెండూ పక్కపక్కన పెట్టి, వైఫై ఆన్‌లో ఉంచాలి. నెట్ స్పీడ్‌తో పని లేదు.

సుజాత_ఎల్
ట్రాన్స్‌ఫర్ మంచి పద్ధతే, పాత ఫోన్ బాగుంటే నేనైనా మొదట అదే చెబుతాను. కానీ మధు గారి ఇబ్బంది నెట్ కాదు, చోటు. ట్రాన్స్‌ఫర్‌లో కూడా ఆ 11 జీబీ వచ్చి ఈ ఫోన్లోనే కూర్చోవాలి. పైగా పాతదాంట్లో లాగిన్ అయితే కొత్తది లాగౌట్ అవుతుంది. సగం అయిన పని మళ్లీ మొదటికొస్తుంది.

వీడియోలు లేని బ్యాకప్ విషయంలో నా భయం వేరు. కొత్త బ్యాకప్ ఎక్కగానే వీడియోలతో ఉన్న పాతది పోతుంది. ఆ తర్వాత పాత ఫోన్ రీసెట్ చేస్తే వీడియోలు ఎక్కడా మిగలవు. చోటు దొరికే దారి అసలు లేనప్పుడే, అదీ `Media` ఫోల్డర్ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నాకే అది చేయాలి.

పిడుగు99
సరే, చోటు సంగతి ఒప్పుకుంటా. కానీ మెసేజ్‌ల దగ్గరే ఆగినవాళ్ల మాటేంటి? వాళ్లకి చాట్లు రాలేదు, పోయేదేమీ లేదు. నెట్ బాగుండి, చోటుండి, గంటసేపు శాతం కదలకపోతే తీసేసి మళ్లీ వేయడమే. రాత్రంతా చూస్తూ కూర్చోవడం దండగ.

సుజాత_ఎల్
ఆ దశలో అయితే మీ మాటకి నేను పూర్తిగా అడ్డు చెప్పను. కానీ మొదట చేయాల్సింది వైఫై మార్చి చూడటం, వీపీఎన్ గానీ ప్రకటనలు ఆపే డీఎన్ఎస్ గానీ ఉంటే తీసేయడం, గూగుల్ ప్లే సర్వీసెస్ అప్‌డేట్ చేయడం. మళ్లీ మళ్లీ వేస్తే వెరిఫికేషన్ కోడ్ అడిగిన ప్రతిసారీ ఆగాల్సిన సమయం పెరుగుతూ పోతుంది. నాన్నగారి వయసువాళ్లు ఆ ఆరంకెల కోడ్ కోసం సగం రోజు ఎదురుచూడటం మామూలే. విసుగొచ్చి `Skip` నొక్కడం అన్నిటికంటే ప్రమాదం. నొక్కేసినా వెంటనే ఆటో బ్యాకప్ ఆపేస్తే డ్రైవ్‌లోది అలాగే ఉంటుంది, అప్పుడు యాప్ మళ్లీ వేసుకోవచ్చు.

కిరణ్_తెనాలి
నేను గంట అనను, ఒక రాత్రి ఇస్తా. తక్కువ ర్యామ్ ఫోన్లలో పెద్ద చాట్ ఫైలు విప్పడానికే చాలాసేపు పడుతుంది, ఆ టైంలో శాతం కదలదు. తీసేసే ముందు `Databases` ఫోల్డర్ వేరే చోటికి కాపీ చేసుకోండి. అందులో రోజూ తీసే లోకల్ బ్యాకప్‌లు ఉంటాయి, డ్రైవ్ మొండికేస్తే అవే దిక్కు.

పిడుగు99
యాప్ తీసేస్తే ఆ ఫోల్డర్ పోదుగా. `Android/data`లో ఉన్నవి పోతాయి, `media`లోవి ఉంటాయి.

కిరణ్_తెనాలి
కొన్ని ఫోన్లలో ఉంటాయి, కొన్నింట్లో యాప్‌తో పాటే పోతాయి. దాని మీద పందెం కాయలేను బ్రో. కాపీకి రెండు నిమిషాలు.

మధు_కరీంనగర్
ట్రాష్ ఖాళీ చేశాక 10 జీబీ వచ్చింది. ఫోన్ రీస్టార్ట్ చేశా, 5.2 దాకా చకచకా వచ్చి మళ్లీ ఆగింది. ఇప్పుడు వైఫై కోసం ఎదురుచూస్తున్నట్టు చూపిస్తోంది. ఇంట్లో వైఫై బానే ఉంది మరి?

సుజాత_ఎల్
పైన చూడండి, ఫోన్ మొబైల్ డేటాకి మారి ఉంటుంది. వైఫై సిగ్నల్ తగ్గితే దానంతటదే మారే సెట్టింగ్ చాలా ఫోన్లలో ఉంటుంది. అది ఆపేసి, రూటర్ ఉన్న గదిలో ఛార్జింగ్‌కి పెట్టండి. మొత్తం 11 దిగి, నాలుగైదు పాత వీడియోలు తెరిచి చూసుకునేదాకా పాత ఫోన్ ఎవరికీ ఇవ్వకండి, రీసెట్ చేయకండి.