'రికమెండెడ్ దట్ హీ సబ్మిట్' అని రాయొచ్చా?

ఆఫీసు మీటింగ్ మినిట్స్‌లో "ద కమిటీ రికమెండెడ్ దట్ హీ సబ్మిట్ ద రిపోర్ట్" అని రాస్తే మా సార్ "సబ్మిట్స్" అని దిద్దారు. రికమెండ్, సజెస్ట్, డిమాండ్ తర్వాత ఇలాంటి చోట క్రియ మూలరూపంలోనే ఉండాలి, ముందు క్రియ భూతకాలమైనా మారదు అని నాకు తెలుసు. బ్రిటిష్ పద్ధతిలో "షుడ్ సబ్మిట్" కూడా సరే.

వద్దని చెప్పేటప్పుడే టెన్షన్. డజ్ లేకుండా "దట్ హీ నాట్ సైన్" అనే కదా రాయాలి? చూడటానికి తప్పులా ఉంది, అలాగే ఉంచనా?

ఇన్సిస్ట్ ఇంకా చిక్కు. "ఇన్సిస్టెడ్ దట్ హీ బి ప్రెజెంట్" అంటే అతను రావాల్సిందేనని పట్టుబట్టారు. "హీ వాజ్ ప్రెజెంట్" అంటే వచ్చాడని గట్టిగా చెప్పారు. మినిట్స్ చదివేవాళ్లు ఈ తేడా గమనిస్తారా, లేక ఇక్కడ షుడ్ పెట్టడమే మేలా? ఆఫీసు ఇంగ్లీషు బాగా రాసేవాళ్లు చెప్పండి.