“A కి చదునుగా ఉండవలెను” – ఈ వాక్యం సరైనదేనా?

డ్రాయింగ్‌బల్ల: మెషిన్ ఆపరేటర్ల కోసం డ్రాయింగ్ చదివే పద్ధతి మీద తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాను. ఉదాహరణకి ఒక బేరింగ్ బ్రాకెట్ తీసుకున్నాను. పాదం 120 × 80, మందం 20 ±0.1. పాదం అడుగు నుంచి బోరు కేంద్రం 90 ఎత్తున ఉంటుంది. కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే. అడుగు ముఖం డేటమ్ A. బోల్టు తలలు కూర్చునే పైముఖానికి ఇలా రాశాను: “పైముఖం A కి 0.05 లోపు చదునుగా ఉండవలెను.” రెండు సందేహాలు. ‘చదును’ మరీ పొలం మాటలా ఉందా, ‘సమతలత’ అనాలా? డేటమ్‌కి ‘ఆధార తలం’ సరిపోతుందా?

పదపేటిక: ‘చదునుగా’ క్రియతో బాగానే కుదురుతుంది. గుణానికి పేరు కావాలంటే ‘సమతలత’ అనండి. ‘A కి చదునుగా’ అన్నది మాత్రం ఎబ్బెట్టుగా ఉంది. “A ఆధారంగా పైముఖ సమతలత 0.05” అంటే సరిపోతుంది.

మూలమట్టం: పదపేటిక గారూ, వాక్యం నున్నగా అయింది గానీ తప్పు అలాగే ఉంది. ఆ ఎబ్బెట్టుకి కారణం విభక్తి కాదు. చదునుకి డేటమ్ ఉండదు. ఒక ముఖం తనలో తాను ఎంత ఎగుడుదిగుడుగా ఉందన్నదే అక్కడ ప్రశ్న. ముఖంలోని ప్రతి బిందువూ 0.05 ఎడంగా ఉన్న రెండు సమాంతర తలాల మధ్య ఇమిడితే చాలు, ఆ జంట ఎటు వాలి ఉన్నా ఫర్వాలేదు. అందుకే ఫ్రేమ్‌లో గుర్తుకి ఒక గడి, విలువకి ఒక గడి, అంతే. మూడో గడిలో A రాశారంటే ఆ డ్రాయింగ్‌కి అర్థం లేదు.

డ్రాయింగ్‌బల్ల గారూ, బోల్టు తల వంకరగా కూర్చోకూడదన్నదే మీ ఉద్దేశమైతే మీకు కావలసింది సమాంతరత. “A కి సమాంతరంగా” అంటే ‘కి’ చక్కగా అతుకుతుంది. పైగా సమాంతరత 0.08 ఇస్తే పైముఖం చదును కూడా 0.08 లోపలే ఉండి తీరాలి. అదే ముఖానికి మళ్లీ 0.08 చదును ఇవ్వడం సిరా దండగ. ఇస్తే అంతకన్నా తక్కువే ఇవ్వాలి.

వైస్‌పట్టు: మా దగ్గర రెండూ ఒకటేనండీ. జాబ్‌ని గ్రానైట్ మీద పెట్టి పైన డయల్ నడుపుతాం. ముల్లు 0.07 తిరిగితే ఫ్లాట్‌నెస్ ఫెయిల్ అని పక్కన పెడతాం.

మూలమట్టం: మీరు కొలిచింది సమాంతరత. ముఖం అద్దంలా ఉండి, ఒక చివర మందం 20.00, ఇంకో చివర 20.07 ఉన్నా మీ ముల్లు 0.07 చూపిస్తుంది. చదును ప్రకారం ఆ ముక్క పాసు, మీరు తిరగ్గొట్టారు. చదునే చూడాలంటే జాబ్ కింద మూడు స్క్రూ జాక్‌లు పెట్టి, ముఖం మీద దూరదూరంగా మూడు చోట్ల డయల్ ఒకే అంకె చూపించేదాకా సర్దండి. తర్వాత ముఖమంతా నడిపి, పై అంకెలోంచి కింది అంకె తీసేయండి. ఫలితం హద్దులో ఉంటే నిశ్చింతగా పాస్ చేయొచ్చు. కాస్త దాటితే మాత్రం వెంటనే తిరగ్గొట్టకండి. మీరు ఎంచుకున్న మూడు బిందువుల తలం కన్నా ఆ ముఖానికి బాగా అమరే తలం ఇంకొకటి ఉండవచ్చు.

వైస్‌పట్టు: అయితే తిరగ్గొట్టిన వాటిలో మంచివీ ఉన్నాయన్నమాట. ఏటవాలుగా ఉన్నవి వేరే తీస్తే తెలుస్తుంది.

డ్రాయింగ్‌బల్ల: సరే, పైముఖానికి సమాంతరతే ఇస్తాను. మరి అడుగు ముఖం A కి చదును ఇవ్వాలా? డేటమ్ అంటే కచ్చితమైన తలమే కదా, దానికి టాలరెన్స్ ఏమిటి?

మూలమట్టం: ఇక్కడే మీ ‘ఆధార తలం’ తడబడుతోంది. ముక్క మీద కోసిన ముఖం ఒకటి. ఆ ముఖం గ్రానైట్ మీద కూర్చున్నప్పుడు దాని ఎత్తైన చోట్లను తాకే ఊహా తలం ఇంకొకటి. కచ్చితమైనది రెండోది. టాలరెన్స్ ఇచ్చేది మొదటిదానికి. రెండింటికీ ఒకే పేరు పెడితే మీరు అడిగిన ప్రశ్నే పాఠకులూ అడుగుతారు.

ఇవ్వకపోతే ఏమవుతుందో లెక్క చూడండి. 120 పొడవున్న అడుగు ముఖం నట్టనడుమ, బోరుకి సరిగ్గా కింద, అడ్డంగా చిన్న గట్టు మిగిలిందనుకుందాం. రెండు చివరలూ దానికన్నా 0.1 పైకి ఉన్నాయి. బ్రాకెట్ ఆ గట్టు మీద ఆడుతుంది. ఒక పక్కకి ఒరిగితే, 60 దూరంలో ఉన్న చివర 0.1 దిగుతుంది. 90 ఎత్తునున్న బోరు పక్కకి జరిగేది 90 × 0.1 / 60, అంటే 0.15. రెండో పక్కకి ఒరిగితే అటు ఇంకో 0.15. ముక్క మారలేదు, కొలిచే చెయ్యి మారింది, రీడింగు 0.3 తేడా వచ్చింది. అదే గట్టు 0.03 అయితే పక్కకి 0.045 మాత్రమే. A కి చదును విలువ పెట్టేటప్పుడు బోరు స్థానం టాలరెన్స్‌ని పక్కన పెట్టుకుని ఈ లెక్క చేయాలి. అలవాటుగా 0.05 అని వేసేయడం పనికిరాదు.

అడుగునే A గా ఎంచడం మాత్రం మంచి పని. మెషిన్‌లో బ్రాకెట్ కూర్చునేది దాని మీదే, ముఖమూ పెద్దదే. పట్టుకోవడానికి వీలని బోరుని A చేసేవాళ్లున్నారు. అప్పుడు కొలత బాగా వస్తుంది, బిగింపు బాగా రాదు.

మూత: నాదీ ఇదే సమస్య. 6 మందం అల్యూమినియం మూత. వైస్‌లో ఉండగా డయల్ 0.02 చూపిస్తుంది, విప్పగానే 0.15. చదునుకి ఏ డేటమ్ ఇవ్వాలి?

వైస్‌పట్టు: డేటమ్ ఉండదని పైనే చెప్పారుగా! మీది పట్టు సమస్య. బిగించినప్పుడు ప్లేటు వంగింది. వంగినదాన్ని చదునుగా కోశారు, విప్పగానే తిరిగి లేచింది. ఫినిషింగ్ కోతకి ముందు పట్టు వదిలి, మెల్లగా మళ్లీ బిగించండి. రెండు ముఖాలనీ మార్చి మార్చి తీయండి.

మూలమట్టం: అది నిజం. కొలత మాత్రం విప్పాకే. డ్రాయింగ్ వేరేగా చెప్పకపోతే చదును వదులుగా ఉన్న ముక్కకే వర్తిస్తుంది. మూత బిగించాక సాపు అయితే చాలనుకుంటే, బిగింపు ఎలాగో డ్రాయింగ్‌లోనే రాయాలి.

డ్రాయింగ్‌బల్ల: సవరించాను. అడుగు ముఖానికి మొదటిది, పైముఖానికి రెండోది.

```
⏥ | 0.03
// | 0.08 | A
```

A త్రికోణాన్ని మందం 20 కొలత గీతకి ఎదురుగా పెట్టాను, అక్కడ చోటుంది.

మూలమట్టం: అక్కడినుంచి తీసేయండి! కొలత గీతకి సూటిగా పెడితే A అడుగు ముఖం కాదు, పాదం మందానికి నడిమి తలం అవుతుంది. త్రికోణాన్ని ముఖం గీత మీదైనా, పొడిగింపు గీత మీద కొలత బాణం నుంచి స్పష్టంగా ఎడంగానైనా పెట్టండి. చదును ఫ్రేమ్‌దీ ఇదే తంతు. దాన్ని 20 ±0.1 కింద అంటించారంటే ఏఎస్ఎమ్ఈ పద్ధతిలో అది ముఖానికి కాక నడిమి తలానికి వర్తిస్తుంది. బాణం నేరుగా ముఖానికి తగలాలి.

పదపేటిక: అయితే కోసినదానికి ‘ఆధార ముఖం’, ఊహించినదానికి ‘ఆధార తలం’ అందామా?

వైస్‌పట్టు: మిషన్ దగ్గర ఎవరూ అలా అనరండీ. ‘A ఫేస్’, ‘డేటమ్’ అంటారు.

మూలమట్టం: ‘ఆధార ముఖం’ నాకు నచ్చింది. కానీ B అన్నది బోరు అయితే? దాన్ని ముఖం అనలేం, దాని డేటమ్ తలమూ కాదు, అక్షం. రంధ్రాలకీ పనికొచ్చే మాట కావాలి.

డ్రాయింగ్‌బల్ల: ప్రస్తుతానికి ‘డేటమ్’ అనే ఉంచుతున్నాను. ‘చదును’ కూడా మార్చడం లేదు. త్రికోణం జరిపాను.