ఈ వేసవికి మళ్లీ అరకేనా, లేక కొత్తగా కూర్గ్‌కా?

సైనిక్‌పురి సునీత

ఏటా పిల్లల వేసవి సెలవుల్లో వైజాగ్, అరకు వెళ్లిరావడం మా ఇంట్లో అలవాటు. సాయంత్రం గోదావరి ఎక్కుతాం, వైజాగ్‌లో అత్తయ్య చెల్లెలి ఇంట్లో దిగుతాం. తర్వాత కిరండూల్ బండిలో అరకు, బొర్రా గుహలు, మళ్లీ వైజాగ్ బీచ్. ఈసారి మా పెద్దవాడు అరకు అంటే నేను రానని కూర్చున్నాడు. వాడికి పద్నాలుగేళ్లు. చిన్నదానికి ఎనిమిది, అరకు అంటే ప్రాణం. సొరంగం రాగానే బోగీలో అందరితో కలిసి అరవడానికే ఏడాదంతా ఎదురుచూస్తుంది.

అత్తయ్యకు డెబ్బై దాటాయి. మోకాళ్ల నొప్పులు, పైగా పూర్తి శాకాహారం. మావారికి మే ఆఖరి వారంలోనే సెలవు దొరుకుతుంది. శనివారం సాయంత్రం బయల్దేరితే శుక్రవారానికి ఇంట్లో ఉండాలి. కూర్గ్, మున్నార్, ఊటీ మధ్య ఊగుతున్నాం. మీ ఇళ్లలో ఇలాంటప్పుడు ఎలా తేల్చుకున్నారో చెప్పండి.

వనస్థలిపురం రమేష్

అరకే వెళ్లండి అక్కా, ఆలోచించొద్దు. పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కండి, తెల్లవారుజామున కాళ్ల కింద మబ్బులు పరుచుకుని ఉంటాయి. దారిపొడవునా వలిసె పూలు పసుపుపచ్చగా విరబూసి ఉంటాయి. లంబసింగిలో చలికి వణికిపోతారు.

సైనిక్‌పురి సునీత

మీరు చెప్పింది నవంబరు నుంచి జనవరి దాకా ఉండే అరకు, రమేష్ గారూ. మేము వెళ్లేది మేలో. అప్పుడు వలిసె పూలూ ఉండవు, ఆ చలీ ఉండదు. పైగా అత్తయ్య కొండ ఎక్కలేరు.

ఏఎస్‌రావ్‌నగర్ ప్రసాద్

నా మాట వినండి, కొత్త చోటంటే ఎప్పుడూ ఖర్చెక్కువే. తెలిసిన ఊళ్లో ఎవరూ మోసం చేయలేరు. అయినా మార్చాలనుకుంటే ఊటీకి సొంత కారులో వెళ్లిపోండి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. రైలైతే పెద్దావిడ వయసు వేస్తే చాలు, కింది బెర్త్ వాళ్లే ఇస్తారు. అందరికీ కలిపి ఒకే టికెట్ తీసుకోండి.

బర్కత్‌పుర మూర్తి

చాలా ఏళ్లు ట్రావెల్ ఆఫీసులో కుటుంబాల టూర్లు చూసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

పాతదా కొత్తదా అనే ముందు, పగటిపూట మెలకువగా ఉన్న గంటల్లో ఎన్ని బండిలో పోతాయో లెక్క వేయండి. పిల్లలు, పెద్దవాళ్లు కలిసి వెళ్లే టూరు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. మీ అరకు టూరు ఇన్నేళ్లు బాగా సాగడానికి సగం కారణం గోదావరి బండే. రాత్రి పడుకుంటారు, పొద్దునకు వైజాగ్. అదే మున్నార్‌కు రైల్లో అయితే సికింద్రాబాద్ నుంచి ఆలువా చేరడానికే దాదాపు ఒక రోజు, అక్కడి నుంచి ఘాట్ రోడ్డులో నాలుగు గంటలు. వచ్చేటప్పుడూ అంతే. మీకున్నవే ఆరు రోజులు, అందులో రెండున్నర అలా పోతాయి. విమానంలో కొచ్చి వెళ్తే ఆ ఇబ్బంది తీరుతుంది కానీ ఐదుగురికి వేసవి టికెట్లంటే బడ్జెట్ మారిపోతుంది.

కూర్గ్ అలా కాదు. కాచిగూడలో సాయంత్రం మైసూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆదివారం పొద్దున మైసూరులో దిగుతారు. మైసూరు ప్యాలెస్‌కు ఆదివారం సాయంత్రం దీపాలు వెలిగిస్తారు, కాబట్టి ఆ రాత్రి అక్కడే ఉండండి. సోమవారం కూర్గ్‌లోని మడికేరి బయల్దేరండి. 120 కిలోమీటర్లు, దారిలోనే బైలకుప్పె బౌద్ధారామం ఉంటుంది. అక్కడ నడక చదునుగా ఉంటుంది, అత్తయ్యగారికి ఇబ్బంది ఉండదు. మంగళ, బుధ మడికేరిలో. గురువారం పొద్దున్నే బయల్దేరి మైసూరు వచ్చి మధ్యాహ్నం కాచిగూడ బండి పట్టుకుంటే శుక్రవారం పొద్దున ఇంట్లో ఉంటారు. మీ అరకు టూరుకూ దీనికీ నడక ఒకటే: రాత్రి రైలు, ఒక పెద్ద ఊరు, దగ్గర్లో కొండ. మారేది ఊరు మాత్రమే. మొదటిసారి కొత్త చోటికి వెళ్లే కుటుంబానికి నేనెప్పుడూ చెప్పేది ఇదే, అన్నీ ఒక్కసారే మార్చొద్దు.

ఇక ప్రసాద్ గారు చెప్పినవి. ఖర్చు విషయంలో ఆయన మాట సగం నిజం. గది అద్దె కొత్త ఊళ్లో ఎక్కువేం కాదు. వైజాగ్‌లో మీకు బంధువుల ఇల్లు ఉంది కాబట్టి ఆ తేడా కనిపిస్తుంది. కొత్త చోట డబ్బు కారేది కారు అద్దెలో. ఎక్కడికి ఎంత దూరమో తెలియక రోజుకో బండి మాట్లాడుకుంటారు. మైసూరులోనే సోమవారం నుంచి గురువారం దాకా ఒకే బండి మాట్లాడుకుని, డ్రైవర్ బత్తా, రాత్రి బస కలిపి ఎంతో ముందే తేల్చుకుంటే ఆ ఖర్చు అదుపులో ఉంటుంది.

ఊటీకి సొంత కారులో వెళ్లాలంటే ఈ-పాస్ కావాలి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి నీలగిరులకు, కొడైకెనాల్‌కు అది పెట్టారు. 2025 వేసవిలో రోజుకు ఇన్ని బండ్లే అని పరిమితి కూడా విధించారు. ఊటీకి మామూలు రోజుల్లో ఆరు వేలు, శని ఆదివారాల్లో ఎనిమిది వేలు. పాస్ చేతిలో లేకుండా గది బుక్ చేయకండి.

కింది బెర్త్ సంగతి మాత్రం జాగ్రత్త. ఆ కోటా 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు. ఒక టికెట్‌పై ఒక్కరే ఉండాలి, లేదా ఇద్దరుంటే ఇద్దరికీ ఆ వయసు నిండాలి. ఐదుగురి టికెట్‌లో అత్తయ్యగారి పేరు కలిపితే ఆ కోటా వర్తించదు, వస్తే అదృష్టం. ఆమెకు విడిగా టికెట్ తీయండి. బోగీ వేరైతే ఎక్కాక ఎవరినైనా అడిగి మీలో ఒకరు ఆమె దగ్గరకు మారండి. ఇప్పుడు బుకింగ్ ప్రయాణానికి 60 రోజుల ముందు, పొద్దున 8 గంటలకు తెరుస్తారు. మే నెలకు ఆ రోజే కూర్చోవాలి.

మణికొండ కీర్తి

మూర్తి గారు ప్రయాణం గురించి బాగా చెప్పారు. నేను పాత చోటు తరఫున మాట్లాడతాను. మేం ఏటా మారేడుమిల్లి వెళ్తాం. అక్కడ వంట చేసే ఆవిడ మా అమ్మాయిని పాకే వయసు నుంచి చూస్తోంది. దిగగానే కారంలేని పప్పు విడిగా తీసి పెడుతుంది. ఆ చోటును మా పిల్ల ఇంకో ఇల్లు అనుకుంటుంది. ఏటా ఊరు మార్చేవాళ్లకు ఆ చనువు దొరకదు.

సునీత గారూ, మీ చిన్నదానికి ఎనిమిదేళ్లే. అరకు వెళ్లిన తొలి ఏళ్లలో అది చంకలో ఉంది, ఏం గుర్తుంటుంది? దానికిది ఇప్పుడిప్పుడే మొదలు. పెద్దవాడికి పాతబడిందని దాని వంతు తీసేయడం నాకు సబబుగా అనిపించడం లేదు.

నిజాంపేట కిరణ్

మేం ఒక ఏడాది పాతది, ఒక ఏడాది కొత్తది అని పెట్టుకున్నాం. వినడానికి బాగుంది కానీ మా ఇంట్లో ఒక చిక్కు వచ్చింది. కొత్త ఏడాది వస్తే పనంతా నా భార్య మీద పడేది. గదులు వెతకడం, ఫోన్లు, అమ్మ తినేది దొరుకుతుందో లేదో కనుక్కోవడం. అక్కడికెళ్లాక కూడా ఎక్కడ తినాలి, ఎప్పుడు బయల్దేరాలి అని అందరూ ఆమెనే అడిగేవాళ్లు. తను అలిసిపోయి, నాకు పాత ఊరే నయం అనేసింది. ఆమెకు ఆ ఊరు నచ్చక కాదు, ఆ పని భారమైంది. అందుకని ఇప్పుడు కొత్త చోటు ఎవరు అడిగితే ఫోన్లన్నీ వాళ్లే చేస్తారు. మీ పెద్దవాడు పద్నాలుగేళ్లవాడు కదా, గదుల పని వాడికే అప్పగించండి. నిజంగా వెళ్లాలనుందో, అరకు వద్దనిపించిందో అప్పుడే తెలిసిపోతుంది.

సైనిక్‌పురి సునీత

కిరణ్ గారు చెప్పాక రాత్రి అందరినీ కూర్చోబెట్టి ఒకటే అడిగాను, వైజాగ్ వెళ్లకపోతే మీకు ఏం లోటు అని. చిన్నది రైలు సొరంగాలు అంది. మావారు బీచ్‌లో పొద్దున నడక అన్నారు. అత్తయ్య అరకు ఊసే ఎత్తలేదు. చెల్లెల్ని చూడను కదా అన్నారు, సింహాచలం దర్శనం ఉండదు కదా అన్నారు. ఇన్నేళ్లూ ఆవిడకు అరకు ఇష్టమని మేం అనుకుంటూ వచ్చాం.

అందుకే కూర్గ్ వైపు మొగ్గుతున్నాం. అత్తయ్యను జూన్‌లో మావారు వైజాగ్ తీసుకెళ్లి పది రోజులు చెల్లెలి దగ్గర ఉంచి వస్తారు. కూర్గ్‌కు రావాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం.

మణికొండ కీర్తి

ఇష్టం అని మీరన్నా, ఆవిడకు నన్ను వదిలి వెళ్తున్నారు అనిపించొచ్చు. పెద్దవాళ్లు నేను రానులే అని పైకి అంటారు. మా నాన్న కూడా అలాగే అనేవారు. ఇంకోసారి అడగండి, పిల్లలతో అడిగించండి.

సైనిక్‌పురి సునీత

అడిగిస్తాను. వస్తే తిండి సంగతి నేను చూసుకుంటాను. కందిపొడి, నెయ్యి, చిన్న కరెంటు కుక్కర్ పట్టుకెళ్తాను. మైసూరులో శాకాహారానికి లోటు లేదు, మడికేరిలో మాత్రం హోమ్‌స్టే వాళ్లను ముందే అడగాలి. మావాడు నాలుగైదు చోట్లకు ఫోన్ చేశాడు. అందరూ మెట్లు పెద్దగా లేవు అనే అంటున్నారట. దాన్ని ఎలా నమ్మేది మూర్తి గారూ?

బర్కత్‌పుర మూర్తి

నమ్మకండి. అక్కడి ఇళ్లు చాలావరకు కాఫీ తోటల వాలులో కడతారు. కారు ఆగే చోటు పైన, గది కింద ఉంటుంది. కారు ఆగే చోటు నుంచి మంచం దాకా నడుస్తూ ఫోన్‌లో వీడియో తీసి పంపమని అడగండి. నిజంగా మెట్లు లేనివాళ్లు వెంటనే పంపుతారు. భోజనాల గది వేరే కట్టడంలో ఉందా అని కూడా అడగండి, రోజుకు మూడుసార్లు ఆ దారి నడవాలి. బాత్‌రూమ్ గుమ్మం ఎత్తు కూడా వీడియోలో చూడండి.

పెద్దవాడికి రెండు సంగతులు ముందే చెప్పండి. ఇంటర్నెట్‌లో కనిపించే అబ్బి జలపాతం ఫొటోలు వానల తర్వాత తీసినవి. మేలో నీళ్లు సన్నగా ఉంటాయి, పైగా మెట్లు దిగాలి. రెండోది వాన. నైరుతి రుతుపవనాలు కేరళకు మామూలుగా జూన్ 1 ప్రాంతంలో వస్తాయి కానీ 2025లో మే 24నే తాకాయి. మీది సరిగ్గా ఆ వారమే. మున్నార్‌కు ఆ ఇబ్బంది ఎలాగూ ఉంది, కూర్గ్‌కూ లేకపోలేదు. అందుకని మడికేరి గది రెండు మూడు రోజుల ముందు దాకా డబ్బులు పోకుండా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి. వాన గట్టిగా పట్టేలా ఉంటే ఆ మూడు రాత్రులూ మైసూరులోనే ఉండిపోండి. శ్రీరంగపట్నం, జూ ఉన్నాయి.

వనస్థలిపురం రమేష్

మేలో అరకు చల్లగానే ఉంటుంది కదా, నేనింకా అదే అంటాను.

నిజాంపేట కిరణ్

సునీత గారూ, మీవాడు ఆ వీడియోలు తెప్పించాక ఏ హోమ్‌స్టే బాగుందో ఇక్కడ రాయండి. మా అమ్మకూ మోకాళ్లే సమస్య, అక్టోబరులో మేమూ అటే అనుకుంటున్నాం.