సూత్రానికి దగ్గర, వ్యానుకు దూరం: నరసాపురం, రాజోలు డిపోల మధ్య చిరునామాల పంపకం

చెరువుగట్టు
మేము రొయ్యల మేత సరఫరా చేస్తాము. నరసాపురంలో ఒక డిపో, రాజోలులో ఒక డిపో ఉన్నాయి. రైతులు ఫోన్లో పంపిన లొకేషన్ల నుంచి అక్షాంశ రేఖాంశాలు తీసుకొని, ఏ చెరువుకు ఏ డిపో దగ్గరో ఎక్సెల్‌లో ఈ సూత్రంతో తేలుస్తున్నాము. చెరువులు ఐదో వరుస నుంచి కిందికి, డిపోలు E, F నిలువు వరుసల్లో ఉన్నాయి.

```
=2*6371*ASIN(SQRT(SIN(RADIANS(E$2-$B5)/2)^2+COS(RADIANS($B5))*COS(RADIANS(E$2))*SIN(RADIANS(E$3-$C5)/2)^2))
```

అంతర్వేది చెరువులన్నీ నరసాపురానికి పడుతున్నాయి. రెండు దశాంశాలకు కుదించి చూపిస్తాను: అంతర్వేది 16.33, 81.73, నరసాపురం 16.43, 81.70, రాజోలు 16.48, 81.84. సూత్రం ప్రకారం అంతర్వేదికి నరసాపురం 11.6 కిలోమీటర్లు, రాజోలు 20.4 కిలోమీటర్లు. కానీ నడుమ వశిష్ఠ గోదావరి ఉంది. నరసాపురం వ్యాను పైకి వెళ్ళి, చించినాడ వంతెన దాటి, దిండి, మలికిపురం మీదుగా మళ్ళీ కిందికి దిగాలి. సూత్రాన్ని వదలకుండా దీన్ని సరిచేయవచ్చా? కొత్త చెరువులు చేరుతున్నప్పుడు లెక్కను ఎప్పుడెప్పుడు తిరగవేయాలి?

పార్సెల్_కరీంనగర్
ముందు మీ అంకెలను అనుమానించండి. మాకు వచ్చిన పాత జాబితాలో కరీంనగర్ అక్షాంశం 18.26 అని ఉండేది. అది 18 డిగ్రీల 26 నిమిషాలు. ఎవరో నిమిషాలను చుక్క తర్వాత రాసేశారు. సరైన విలువ 18.43. ఆ ఒక్క తేడాకే చిరునామాలు 19 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోయాయి. చుక్క తర్వాతి రెండంకెలు ఏ వరుసలోనూ 60కి చేరకపోతే అది నిమిషాల జాబితా అని అనుమానించవచ్చు. ఖాళీ గడులను కూడా చూసుకోండి. ఖాళీని ఎక్సెల్ సున్నాగా తీసుకుంటుంది. దూరం 9 వేల కిలోమీటర్లు దాటినా ఆ వరుసకూ ఏదో ఒక డిపోను కేటాయిస్తుంది. కనీస దూరాల వరుసను పెద్దది పైకి వచ్చేలా అమర్చి, మొదటి పేజీ చూస్తే చాలు.

లెక్కలపంతులు
ఇంత పెద్ద సూత్రం మీకు అనవసరం. ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు వేసుకొని, రెండు తేడాల వర్గాలు కూడి వర్గమూలం తీయండి. ఇక రోడ్డు వంకరల సంగతి: వచ్చిన దూరాన్ని 1.3తో గుణిస్తే రోడ్డు దూరం దాదాపు వచ్చేస్తుంది. మీ సమస్య అక్కడితో తీరుతుంది.

బర్మింగ్‌హామ్_నుంచి
పంతులు గారూ, రేఖాంశపు డిగ్రీ అన్నిచోట్లా 111 కిలోమీటర్లు ఉండదు. నేను పనిచేసే ఊరు 52.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఇక్కడ అది 68 కిలోమీటర్లకు పడిపోతుంది. మీ పద్ధతిలో పంచితే తూర్పు పడమరల డిపోలన్నీ ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తాయి. పదిమంది చదివే చోట ఇలాంటి సలహా ఇవ్వడం బాధ్యతారాహిత్యం.

లెక్కలపంతులు
అడిగినవారు గోదావరి జిల్లాల వారు. 16.4 డిగ్రీల దగ్గర రేఖాంశపు డిగ్రీ 106.7 కిలోమీటర్లు, అంటే తేడా నాలుగు శాతమే. మీ ఊరి కొలత తెచ్చి ఇక్కడి మనిషిని తప్పుపట్టడం బాధ్యత అనిపించుకుంటుందా?

బర్మింగ్‌హామ్_నుంచి
నాలుగు శాతం మీకు చిన్నదైతే, కొసైన్ ఒక్కటి చేర్చడానికి ఎందుకంత పట్టుదల? మంచి సూత్రం ఆయన దగ్గర ముందే ఉంది. పనిచేస్తున్నదాన్ని తీసి తక్కువదాన్ని పెట్టమంటున్నారు.

రూటింగ్_రాంబాణం
రవాణా కంపెనీలకు ఈ లెక్కలు రాయడమే నా వృత్తి కాబట్టి, ఇద్దరి మాటనూ కొలిచి చూపిస్తాను. 16.55 అక్షాంశం మీద, పాలకొల్లుకు కాస్త ఉత్తరాన, రెండు డిపోలకూ సమదూరంలో ఉండే బిందువు ఎక్కడో చూడండి. కొసైన్ లేకుండా లెక్కిస్తే అది 81.736 దగ్గర, కొసైన్‌తో లెక్కిస్తే 81.733 దగ్గర పడుతుంది. సరిహద్దు జరిగినది 300 మీటర్లు. ఆ పట్టీలో పడిన చెరువుకు ఏ డిపో నుంచి మేత వెళ్ళినా నష్టం లేదు. కాబట్టి ఈ రెండు డిపోల వరకు మీ తగాదాతో ఆయన పని ఆగదు.

కానీ పంతులు గారి రెండో మాట పూర్తిగా తప్పు. 11.6నీ 20.4నీ ఒకే 1.3తో గుణిస్తే 15.1, 26.5 వస్తాయి. చిన్నది చిన్నదిగానే ఉంటుంది, చెరువు నరసాపురానికే పోతుంది. అన్ని దూరాలకూ ఒకే గుణకం వేస్తే క్రమం మారదు. ఖర్చు అంచనాకు ఆ గుణకం పనికొస్తుంది తప్ప డిపోను ఎంచడానికి పనికిరాదు.

మొదటి రెండు డిపోల దూరాలు దగ్గరదగ్గరగా వచ్చిన చిరునామాలకు మాత్రమే రోడ్డు దూరం చూసుకోవడం చాలాచోట్ల పాటించే పద్ధతి. ఇక్కడ అదీ మోసం చేస్తుంది. 20.4 అనేది 11.6కు దాదాపు రెట్టింపు కనుక, అంతర్వేది సందేహం లేని చిరునామాగా దాటిపోతుంది. నది ఉన్న చోట తప్పులు సరిహద్దు దగ్గర కాకుండా పట్టిక మధ్యలోనే దాక్కుంటాయి.

పార్సెల్_కరీంనగర్
అయితే ఏం చేయాలో కూడా చెప్పండి. లోపాలు ఎంచడానికి అందరూ ముందుంటారు.

రూటింగ్_రాంబాణం
చెప్పకుండా వెళ్ళడం లేదు. ప్రతి చెరువుకూ ప్రతి డిపోకూ గట్టు గుర్తు ఒకటి పెట్టండి. వశిష్ఠకు పడమర 1, వశిష్ఠకూ వైనతేయకూ నడుమ 2. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది రెండో దానిలోకి వస్తాయి. గుర్తులు ఒకటైతే ఇప్పుడున్న సూత్రమే. వేరైతే దూరాన్ని రెండు ముక్కలుగా లెక్కించండి: చెరువు నుంచి చించినాడ వంతెనకు, వంతెన నుంచి డిపోకు. అప్పుడు అంతర్వేది నుంచి నరసాపురం 30 కిలోమీటర్లు దాటుతుంది, రాజోలు 20.4 దగ్గరే నిలుస్తుంది. రేపు అమలాపురంలో డిపో తెరిస్తే వైనతేయకు తూర్పున 3 అని చేర్చి, పాశర్లపూడి, బోడసకుర్రు మధ్య వంతెనను రెండో మలుపు బిందువుగా పెట్టుకోవచ్చు.

కొత్తగా_చేరాను
నాకు డిపో ఒక్కటే. రోజుకు నలభై ఇళ్ళకు పాల ప్యాకెట్లు వేయాలి. ఏ ఇంటి తర్వాత ఏ ఇంటికి వెళ్ళాలో ఈ సూత్రం చెబుతుందా?

పాలకొల్లు_వ్యాన్
ఆ దారిలో వ్యాను నడిపేది నేను కనుక ఒక మాట. నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి పంటు ఉంది. బండి మీద రెండు బస్తాలు వేసుకొని వెళ్ళేవాడికి పంటే దగ్గర దారి. లోడు వ్యానుకు వంతెనే దిక్కు, వరద వస్తే పంటు ఎటూ ఆగిపోతుంది. వాహనాన్ని బట్టి దూరం మారేటప్పుడు, చెరువుకు ఒక్క డిపో పేరు రాసి ఊరుకుంటే ఎలా?

ఇంకో సంగతి. రైతు లొకేషన్ పంపేటప్పుడు చెరువు దగ్గరే ఉంటాడని నమ్మకండి. సఖినేటిపల్లి రైతు నరసాపురం బజారులో నిలబడి పంపితే గట్టు గుర్తే తప్పుతుంది.

చెరువుగట్టు
రాంబాణం గారి పద్ధతిలో రెండు ముక్కల దూరం వేసి చూశాను. అంతర్వేది, సఖినేటిపల్లి వరుసలు రాజోలుకు మారాయి, పడమటి గట్టు వరుసలు ఒక్కటీ కదలలేదు. పాలకొల్లు వ్యాన్ గారి మాట విన్నాక, గట్టు గుర్తును లొకేషన్ నుంచి కాకుండా రైతు చెప్పిన గ్రామం పేరు నుంచి తీసుకుంటున్నాను. గ్రామం ఒక గట్టున, లొకేషన్ మరో గట్టున ఉన్న వరుసలను విడిగా తీసి, ఫోన్ చేసి కనుక్కోవాలని మా గుమాస్తాకు చెప్పాను.

లెక్కలపంతులు
వంతెన దాకా సరళరేఖే కదా వేస్తున్నారు. దిండి నుంచి అంతర్వేది దాకా రోడ్డు నదితో పాటు వంకర తిరుగుతుంది. అక్కడైనా నా 1.3 ఒప్పుకుంటారా?

రూటింగ్_రాంబాణం
రెండు గట్లకు వేర్వేరు గుణకాలు అయితే ఒప్పుకుంటాను, అప్పుడు క్రమం మారే అవకాశం ఉంది. ఆ గుణకాలు డ్రైవర్ల మీటరు రీడింగుల నుంచి రావాలి, ఊహించి వేయకూడదు.

పాలకొల్లు_వ్యాన్
మీటరు రీడింగు రోజూ రాసి ఇస్తాను. పంటు సంగతి మాత్రం ఇంకా ఎవరూ తేల్చలేదు.