మూడు గంటలు తిరిగాను, ఒక్క సెంటూ తేలలేదు

బైపాస్ బాబు (తిరుపతి), ఆదివారం రాత్రి 9:50

అన్నలూ అక్కలూ, తలనొప్పితో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. సాయంత్రం నాలుగింటికి సెంటు కొందామని గాంధీ రోడ్డు వైపు వెళ్లాను. రెండు షాపులు తిరిగి ఏడింటికి బయటపడ్డాను. మొదటి మూడూ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ తర్వాత ఏది చూసినా ఒకటే వాసన, స్పిరిటు పీల్చినట్టు. షాపు కుర్రాడు మధ్యమధ్యలో కాఫీ గింజల సీసా ముక్కు కింద పెడుతూనే ఉన్నాడు, లాభం లేదు. అట్టముక్క మీద బాగున్నది చేతి మీద ఇంకోలా ఉంది. ఏమీ కొనకుండా వచ్చేస్తుంటే ఆ కుర్రాడి మొహం చూడలేకపోయాను. నా ముక్కు పాడైందా? దీనికో పద్ధతి ఉంటే చెప్పండి. బుధవారంలోపు కొనాలి.

పాకాల రియల్టర్

ఏ ఏరియాలో చూస్తున్నారు సార్? సెంటు ఎంతలో కావాలి? కరకంబాడి రోడ్డు వైపు మంచి బిట్లున్నాయి.

బైపాస్ బాబు

స్థలం కాదు సామీ. పూసుకునే సెంటు.

పాకాల రియల్టర్

సారీ సార్. ఫోన్‌లో హెడ్డింగ్ ఒక్కటే కనబడింది.

మిట్టూరు మచ్చా (చిత్తూరు)

ఎన్ని చూశావు?

బైపాస్ బాబు

లెక్కపెట్టలేదన్నా. అట్టముక్కలన్నీ చొక్కా జేబులోనే ఉన్నాయి. ఇప్పుడు తీసి చూస్తే పదిహేడు.

మిట్టూరు మచ్చా

ఇంకేం, జవాబు నీ జేబులోనే ఉంది.

అత్తరు తాత

బాబూ, అసలు ఆ స్పిరిటు నీళ్ల జోలికి ఎందుకు వెళ్లావు? అత్తరు అంటే కన్నౌజ్‌లో రాగి పాత్రల్లో పూలు మరిగించి, ఆ ఆవిరిని చందన తైలంలోకి పట్టేవాళ్లు. ఒక్క చుక్క మణికట్టు మీద పెట్టుకుంటే సాయంత్రం దాకా ఉంటుంది. మీరు కొనే సీసాల్లో ముప్పాతిక పైగా స్పిరిటే. మొదట గుప్పుమంటుంది, అది ఎగిరిపోయాక అసలు రంగు బయటపడుతుంది. దీన్ని సెంటు అనడం కూడా తప్పు, మా రోజుల్లో సెంటంటే వేరు.

పాకాల రియల్టర్

తాతగారూ, ఎర్రచందనం మన శేషాచలం కొండల్లోనే ఉంది కదా. ఆ సెంటే కొనుక్కోవచ్చుగా?

అత్తరు తాత

ఎర్రచందనానికి వాసన ఎక్కడిది నాయనా? దాని గొప్పంతా రంగులోనూ చేవలోనూ ఉంది. పరిమళం ఉండేది మంచిగంధం చెట్టుకు. రెండూ వేరు చెట్లు. తిరుపతిలో ఉంటూ ఈ మాత్రం తెలియకపోతే ఎలా?

తేటతెలుగు

అందరికీ మనవి. ‘వాసన’ అంటే చెడ్డ అర్థం వస్తోంది. ‘సువాసన’ అనో ‘తావి’ అనో రాయండి.

మిట్టూరు మచ్చా

పాత తెలుగులో కంపు అన్నా మంచి వాసనే. అదీ రాయమంటారా?

సబ్బుల అక్క (చిత్తూరు)

బాబూ, నీ ముక్కు పాడవలేదు, అలసిపోయింది. నేను సబ్బుల కంపెనీలో వాసనలు చూసే పని ఎనిమిదేళ్లు చేశాను. ఒక విడతలో ఆరేడు మించి మమ్మల్ని చూడనిచ్చేవారు కాదు. నువ్వు పదిహేడు చూశావు.

పెళ్లి మండపంలోకి అడుగుపెట్టగానే మల్లెలు గుప్పుమంటాయి కదా, పది నిమిషాలకు వాటి సంగతే గుర్తుండదు. పూలు వాడిపోయి కాదు, ఉన్న వాసనే ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. షాపులో గాలంతా సెంటే కాబట్టి లోపలికి వెళ్లిన నిమిషం నుంచే ఇది మొదలవుతుంది. పైగా ఒకదానికొకటి దగ్గరగా ఉండే వాసనలు వరసగా చూస్తే, మొదటిది రెండోదాన్ని కూడా మందం చేస్తుంది. అందుకే నిమ్మ, బత్తాయి లాంటి తేలికవి ముందు చూసి, ఊద్, వెనీలా లాంటి బరువైనవి చివరికి ఉంచుకోవాలి.

ఇక స్ట్రిప్పులు. జానెడు దూరం నుంచి ఒక్కసారి చివర కొట్టి, తడి ఆరేదాకా అర నిమిషం ఆగు. నీకు కొట్టిన స్పిరిటు వాసన ఆ అర నిమిషం ఆగకపోవడం వల్లే. తర్వాత ముక్కుకు రెండంగుళాల దూరంలో కదిలిస్తూ చిన్నగా ఒకటి రెండుసార్లు పీల్చు, గట్టిగా లాగొద్దు. పెన్ను తీసుకెళ్లి ప్రతి స్ట్రిప్పు మీదా పేరూ టైమూ రాయి. అన్నీ ఒకే జేబులో వేస్తే ఒకదాని వాసన ఇంకోదానికి ఎక్కుతుంది, కాబట్టి ఇప్పుడు నీ దగ్గరున్న పదిహేడూ దండగే, పారెయ్. విజిటింగ్ కార్డు మీద కొట్టి ఇచ్చే షాపులున్నాయి. ఆ నున్నటి కార్డు సెంటును సరిగా పీల్చుకోదు, పైగా ఇంకు వాసన ఉంటుంది.

స్ట్రిప్పు నచ్చనివి తీసెయ్యడానికే. నచ్చినదాన్ని ఖాయం చేసుకోవాల్సింది ఒంటి మీదే. కాగితానికి వెచ్చదనం లేదు, చెమట లేదు, మొదటి వాసన దాని మీద ఎక్కువసేపు నిలబడుతుంది. చేతి మీద అది పది, పదిహేను నిమిషాల్లో పోయి, అరగంటకు అసలుది బయటికొస్తుంది. అడుగున ఉండే వాసన తెలియాలంటే మూడు నాలుగు గంటలు ఆగాలి. చేతికొకటి చొప్పున రోజుకు రెండు చాలు.

కౌంటర్ నంబర్ 3

నేను షాపులోనే పనిచేస్తాను. అక్క చెప్పింది చాలావరకు కరెక్టే. కానీ కాఫీ గింజలు పనిచేస్తాయండి. వాసన చూశాక ఫ్రెష్‌గా ఉందని కస్టమర్లే చెబుతారు. ఇంకో మాట, మణికట్లు రెండూ కలిపి రుద్దకూడదు, లోపల అణువులు విరిగిపోతాయి.

చిత్తూరు పిన్ని

మా ఇంట్లో ఫిల్టర్ కాఫీ పొడి డబ్బా మూత తీస్తే సగం జలుబు పోతుంది. కాఫీని ఏమైనా అంటే ఊరుకోను.

సబ్బుల అక్క

పిన్నీ, కాఫీ తాగడానికి నేనేమీ అడ్డు చెప్పడం లేదు. ముక్కును కాఫీ కడిగేస్తుందన్నదే ఒప్పుకోను. అమెరికాలో బెలోయిట్ కాలేజీ వాళ్లు 2011లో ఒక చిన్న పరీక్ష గురించి రాశారు. కొన్ని సెంట్లు వాసన చూపించి, మధ్యలో కొందరికి కాఫీ గింజలు, కొందరికి నిమ్మ ముక్కలు, కొందరికి మామూలు గాలి ఇచ్చారు. తర్వాత నాలుగు వాసనలు ముందు పెట్టి, ఇందులో ఇంతకు ముందు చూడనిది ఏదని అడిగారు. కాఫీ పీల్చినవాళ్లు మిగతావాళ్ల కన్నా బాగా చెప్పలేకపోయారు.

కాఫీ కూడా ఒక ఘాటైన వాసనే కదా. అలసిన ముక్కుకు పద్దెనిమిదోది చూపించినట్టే. కస్టమర్‌కు హాయిగా అనిపించేది, సీసా తెచ్చి మూత తీసేలోపు దొరికిన ఆ కాస్త విరామం వల్ల. గింజల బదులు మోచేతి మడతలో సెంటు తగలని చోట నీ చర్మాన్నే వాసన చూడు. అది ముక్కుకు రోజూ తెలిసినదే. అంతకన్నా మంచిది, బయటికి వెళ్లి అయిదు నిమిషాలు నిలబడటం.

రుద్దితే అణువులేమీ విరగవు. వేడెక్కి మొదటి వాసన తొందరగా ఎగిరిపోతుంది, అంతే. రుద్దొద్దన్నది మాత్రం నిజమే.

కౌంటర్ నంబర్ 3

ఒకే పరీక్షతో తేల్చేస్తారా అక్కా? మా ఓనర్ ఇరవై ఏళ్ల నుంచి పెడుతున్నాడు.

సబ్బుల అక్క

చిన్న పరీక్షే, కాదనను. మీ ఓనర్‌ను ఒక రోజు సీసా దాచిపెట్టి చూడమను, అమ్మకాలు తగ్గితే నాకు చెప్పు.

బైపాస్ బాబు, మంగళవారం ఉదయం 7:15

నిన్న మళ్లీ వెళ్లాను. కొత్త షాపుకు, పాతదానికి మొహం చెల్లక. అక్క చెప్పినట్టే అయిదు స్ట్రిప్పులు చూసి మూడు తీసేశాను. 5:40కి ఎడమ చేతి మీద నిమ్మ, అల్లం కలిసినట్టున్నది, కుడి చేతి మీద చెక్క వాసనది కొట్టించుకున్నాను. ఇదిగో వివరం.

బయట నిలబడితే ఒకవైపు డీజిలు, ఇంకోవైపు మిరపకాయ బజ్జీ. బండెక్కి ఇంటికే వచ్చేశాను. 6 గంటలకల్లా నిమ్మ పోయింది, సబ్బు లాంటిదేదో మిగిలింది. షాపులో ఇదే కొనేద్దామనుకున్నా! కుడి చేతిది మొదట మందుల షాపు వాసన, 6:30కి మెత్తగా చందనంలా మారింది, బాగా నచ్చింది. కానీ 8:30కి ఎంత చూసినా నాకేమీ రావడం లేదు. అప్పుడే వంటింట్లోంచి అమ్మ, ‘ఏందిరా ఇల్లంతా సెంటు కంపు’ అంది. నాకు రానిది అమ్మకెలా వచ్చింది? 4,800 పెట్టి నాకే తెలియని వాసన కొనాలా?

తేటతెలుగు

అమ్మగారు ‘కంపు’ అన్నది ఏ అర్థంలో?

సబ్బుల అక్క

రెండు కారణాలుండొచ్చు. ఈ చెక్క, కస్తూరి రకం సెంట్లలో కలిపే కొన్ని పదార్థాలు కొందరి ముక్కులకు పుట్టుకతోనే సరిగా అందవు. లేదంటే మూడు గంటలు నీ చేయి నీతోనే ఉంది కాబట్టి మల్లెల సంగతే జరిగింది. ఏదో తేల్చుకోవడం తేలిక. రాత్రి వేసుకున్న చొక్కా ఉతక్కుండా ఉంటే, బయట కాసేపు తిరిగొచ్చి ఇప్పుడు కఫ్ దగ్గర వాసన చూడు.

బైపాస్ బాబు

పాల ప్యాకెట్టు తెచ్చి చూశాను. గుప్పుమంది! కుడి కఫ్ మీద చక్కగా ఉంది.

సబ్బుల అక్క

అయితే నీ ముక్కు దాన్ని పట్టుకుంటోంది, రాత్రి అలవాటు పడిపోయిందంతే. నీకు తెలియడం లేదని మళ్లీ మళ్లీ కొట్టుకోవద్దు, పక్కవాళ్లకు తల తిరుగుతుంది. ఇంకోటి, ఏసీ షాపులో చూసినదానికీ మన ఎండలో చెమటతో ఉన్నప్పటికీ తేడా ఉంటుంది. నువ్వు వేసుకునేది ఆఫీసుకా, బయటికా?

బైపాస్ బాబు

నాకు కాదక్కా, మా బావకు. గురువారం నిశ్చితార్థం, అక్క ఇమ్మంది.

మిట్టూరు మచ్చా

ఏందప్పా ఇది. మూడు రోజుల నుంచి ఎవరి చెయ్యి వాసన చూస్తా ఉండావు?

సబ్బుల అక్క

ఇది మొదట చెప్పాలి కదయ్యా! నీ చేతి మీద ఎలా ఉందన్నది ఆయనకు పూర్తిగా వర్తించదు. జిడ్డు చర్మం, పొడి చర్మం మీద నిలిచే టైమూ ఒకటి కాదు. ఆయన ఇప్పుడేం వాడతాడో మీ అక్కనడుగు. పెద్ద సీసా బదులు అదే రకం 10 ఎంఎల్‌వి రెండు దొరుకుతాయేమో చూడు, అవి ఇచ్చి ఆయననే తేల్చుకోమను.

అత్తరు తాత

రెండు చుక్కల గులాబీ అత్తరు ఇస్తే ఈ గొడవే లేదు.

కౌంటర్ నంబర్ 3

బిల్లు ఉంచుకోండి. సీలు తీస్తే మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోరు.

బైపాస్ బాబు

బావ డియో తప్ప ఏదీ ముట్టడంట, అక్క ఇప్పుడు చెబుతోంది. సరే, చూస్తా. థ్యాంక్స్ అందరికీ, బండి మీదున్నా.

చిత్తూరు పిన్ని

పట్టుచీర మీద సెంటు కొడితే మరక పడుతుందా ఎవరికైనా తెలుసా? నిశ్చితార్థం అంటే గుర్తొచ్చింది.