అప్‌డేట్: 90 శాతం పీపీవీ 8కి ఎందుకు పడిపోయింది

నా ప్రశ్న: అసైన్‌మెంట్‌లో ఒక టీబీ టెస్ట్‌కి రెండు పట్టికలున్నాయి. జబ్బు ఉన్నవాళ్లను పట్టుకునే సెన్సిటివిటీ, జబ్బు లేనివాళ్లకు నెగటివ్ చూపించే స్పెసిఫిసిటీ రెండూ 90 శాతమే ఉన్నా, పాజిటివ్ వచ్చినవాళ్లలో నిజంగా జబ్బు ఉన్నవాళ్ల శాతం, అంటే పాజిటివ్ ప్రిడిక్టివ్ వాల్యూ (పీపీవీ), ఒక పట్టికలో 90, ఇంకో దాంట్లో 8 ఎలా వస్తుంది?

అసైన్‌మెంట్ ఇచ్చేశాను. ఇలా రాశాను. మొదటి పట్టికలో 100 మంది టీబీ రోగులు, 100 మంది ఆరోగ్యవంతులు. ఆ సగం సగం పరిశోధకులు ఎంచుకున్నదే, ఊళ్లో అలా ఉండదు. అందుకే అక్కడి 90 శాతం పీపీవీని బయట వాడలేం.

రెండో పట్టికలో, ఊళ్లో 1000 మందిలో 10 మందికే జబ్బు ఉందనుకుందాం. టెస్ట్ 9 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 990 మందిలో 10 శాతం, అంటే 99 మందికి, జబ్బు లేకపోయినా పాజిటివ్ వస్తుంది. మొత్తం 108 పాజిటివ్‌లలో నిజమైనవి 9. అదే 8.3 శాతం.

నెగటివ్ వచ్చినవాళ్లలో నిజంగా జబ్బు లేనివాళ్ల శాతం, అంటే నెగటివ్ ప్రిడిక్టివ్ వాల్యూ, 891/892, దాదాపు 99.9 శాతం. చూడ్డానికి భలే ఉంటుంది కానీ, అసలు టెస్టే చేయకుండా 'నీకు జబ్బు లేదు' అన్నా 99 శాతం కరెక్టే కదా!

ఇంకో మాట కూడా చేర్చాను: మొదటి పట్టికలో జబ్బు ముదిరిన రోగులనే తీసుకుంటే సెన్సిటివిటీ కూడా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.